ఇరవై గ్రాముల ఉత్తరం

మా ఊళ్ళో పోస్టాఫీసు అంటే మా ఇంటి ముందుగదే. పల్లెటూరి బ్రాంచి పోస్టాఫీసులు చాలావరకు ఇలాగే పోస్టుమాస్టరు ఇంట్లోనే నడుస్తాయి. ఒక బల్ల, ఒక ఇనప్పెట్టె, తారీకు ముద్ర, తూకం మిషను, గోడకు వేలాడే డాకు సంచి. కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరు మాది. ఇరవై ఏళ్ళ కిందట ఈ గదికి రోజూ కట్టలకొద్దీ ఉత్తరాలు వచ్చేవి. ఇప్పుడు వచ్చేవి బ్యాంకు నోటీసులు, ఆధార్ కార్డులు, పాలసీ కాగితాలు. చేత్తో చిరునామా రాసిన కవరు నెలకొకటి కనబడితే దాన్ని రెండు వైపులా తిప్పి చూస్తాను.

మొన్న డిసెంబరులో మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. రాజమండ్రిలో హాస్టల్లో ఉండి డిగ్రీ మొదటి ఏడు చదువుతోంది. రోజూ రాత్రి ఫోను చేస్తుంది. తిన్నావా, తిన్నాను, నాన్న వచ్చాడా, వచ్చాడు. ఆ రెండు నిమిషాల్లో నేను ఏదైనా మంచిమాట మొదలుపెడితే "అబ్బ, ఊరుకో అమ్మా" అంటుంది. నేను ఊరుకుంటాను. కాగితాన్నైతే ఊరుకోమనలేదు కదా అని ఈసారి ఉత్తరం రాద్దామనుకున్నాను.

వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని రాశాను. ఏడు తెల్ల కాగితాలు నిండాయి. అలవాటు కొద్దీ కవరులో పెట్టి తూకం మిషను మీద పెట్టాను. 39 గ్రాములు. మామూలు ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయలు, ఆపైన ప్రతి ఇరవైకీ మరో 5 రూపాయలు. పది రూపాయల స్టాంపులు అంటిస్తే వెళ్ళిపోయేది. కానీ అంటించే ముందు, అవతల హాస్టల్ మంచం మీద కూర్చుని ఇది చదివే పిల్లనని అనుకుని ఒకసారి చదివాను. మూడో కాగితం దగ్గర ఆగిపోయాను. ఏడు కాగితాల్లో నా కూతురు ఎక్కడా లేదు. నా భయాలు ఉన్నాయి.

ఎర్ర రీఫిల్ పెన్ను తీసుకుని క్రియల చివర్లు మాత్రం గీశాను. ఉండాలి, చెయ్యాలి, నేర్చుకోవాలి. వెళ్ళకూడదు, నమ్మకూడదు. వద్దు, వద్దు, జాగ్రత్త. లెక్కపెడితే నలభై ఒకటి వచ్చాయి. మన భాషలో సుద్దులు దాక్కోలేవు. వాక్యం చివర 'ఆలి' అనో 'కూడదు' అనో పడగానే చదివేవాళ్ళకు ఎదురుగా బెత్తం కనిపిస్తుంది. అందుకే వాటిని కొట్టేయడం సులువే. ఒక్క రాత్రిలో ముప్పైకి పైగా కొట్టేశాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఎర్ర గీత పడని వాక్యాలు కొన్ని ఇంకా ఉలిక్కిపడేలా చేస్తున్నాయి. "నువ్వు ఏనాడూ మాకు తలవంపులు తేలేదు" అని రాశాను. చూడ్డానికి మెచ్చుకోలే. పద్దెనిమిదేళ్ళ పిల్ల చదివితే అందులో ఏం కనబడుతుంది? ఇకముందు తేవద్దన్న మాట కనబడుతుంది. "నీ మీద మాకు ఎంతో నమ్మకం" అన్నదీ అంతే. నమ్మకాన్ని అలా కాగితం మీద పెట్టి చేతికిచ్చామంటే, అది పగిలితే నీదే పూచీ అని చెప్పడమే. "నువ్వు తెలివైనదానివి, నీకు వేరే చెప్పక్కర్లేదు" అన్న తర్వాత నేను ఒకటిన్నర పేజీ చెప్పాను. "నువ్వు మంచిదానివే కానీ" అన్న చోట, ఆ 'కానీ'కి ముందున్న మాటను ఏ పిల్లా గుర్తుంచుకోదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది అయిదో కాగితం. నీ ఫీజు కోసం గొలుసు తాకట్టు పెట్టాం, నీకు జ్వరం వస్తే నాలుగు రాత్రులు నిద్రపోలేదు, ఆడపిల్లవని ఏనాడూ తక్కువ చేయలేదు. రోజూ ఈ గదిలో పాస్‌బుక్కుల్లో జమలు, వాపసులు రాస్తూ ఉంటాను. ఆ కాగితం కూడా నేను అలాగే రాశాను. నా వైపున అన్నీ జమలు, దాని వైపున అంతా బాకీ. పుట్టినరోజు నాడు ఎవరైనా బాకీ చీటీ పంపుతారా? అది ఒక్క వాక్యం కూడా మిగలకుండా చించేశాను.

ఇది నాకొక్కదానికే వచ్చిన ఇబ్బంది కాదు. జవహర్‌లాల్ నెహ్రూ తన కూతురికి రాసిన ఉత్తరాలు మనందరికీ తెలిసినవే. 1928 వేసవిలో పదేళ్ళ ఇందిర ముస్సోరీలో ఉంటే ఆయన అలహాబాదు నుంచి రాసినవి మరుసటి ఏడు పుస్తకంగా వచ్చాయి. 1930 అక్టోబరు 26న, తిథి ప్రకారం ఆమె పదమూడో పుట్టినరోజుకు, నైనీ జైలు నుంచి ఇంకో ఉత్తరం రాశారు. సుద్దులు చెప్పడం తనకు ఎప్పుడూ ఇష్టం లేదని అందులో మొదట్లోనే అంటారు. చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ రాసిన ఒక కథ చెబుతారు. ఒకాయన తన కడుపులో ఉన్న జ్ఞానం ఎక్కువై పొట్ట పగిలిపోతుందేమోనని రాగిరేకులు చుట్టుకుని, అజ్ఞానుల చీకటి పోగొట్టడానికి తలమీద దివిటీ పెట్టుకుని తిరిగేవాడట. అంత మంచి కథ చెప్పి, మనమందరం కలిసి మాట్లాడుకుని తెలుసుకోవాలి తప్ప ఒకరు ఒకరికి బోధించకూడదన్న ధోరణిలో నడిపించి, చివరికొచ్చేసరికి ఆయన కూడా ఒక సలహా ఇవ్వకుండా ఉండలేకపోయారు: దాచుకోవలసి వచ్చే పని ఏదీ చేయవద్దని. జైల్లో ఉన్న తండ్రి. కూతుర్ని ఎప్పుడు చూస్తాడో తెలియదు. ఆ ఒక్క సలహాను నేను తప్పుపట్టలేను. కానీ ఆ ఉత్తరంలో నాకు గుర్తున్నది రాగిరేకుల మనిషే.

నాకు దారి చూపించింది మాత్రం మా అమ్మ ఉత్తరం. నేను ఇంటర్మీడియట్ హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మ దగ్గర్నుంచి ఇన్‌లాండ్ కవర్లు వచ్చేవి. అమ్మకు చదువు రాదు. వేలిముద్ర. బడిపంతులు గారి చేత రాయించేది. ఆయన అక్షరం ముత్యాల్లా ఉండేది కానీ ఉత్తరం ఎప్పుడూ ఒకేలా ఉండేది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాము, బాగా చదువుకొనవలెను, పెద్దల మాట వినవలెను. అన్నీ ఆయన మాటలే. నేను గబగబా చదివి పెట్టెలో పడేసేదాన్ని. ఒక్క ఉత్తరంలో మాత్రం, మడత పెట్టే చోట మిగిలిన జాగాలో, అమ్మ పట్టుబట్టి రాయించిందో ఏమో, ఒక వాక్యం ఉంది. గేదె ఈనింది, పెయ్య, దానికి నీ పేరే పెట్టాను అని. పాతికేళ్ళు దాటింది. పంతులు గారి 'వలెను'లు ఒక్కటీ జ్ఞాపకం లేవు. ఆ వాక్యం కోసం ఆ కవరు ఇవాళ్టికీ నా పెట్టెలో ఉంది. అమ్మ నన్ను ఎంత తలుచుకుంటోందో, నన్ను చూసి ఎంత పొంగిపోతోందో నాకు తెలిసింది ఆ ఒక్క మాటతోనే.

మనవాళ్ళకు పిల్లల్ని ఎదురుగా మెచ్చుకోవడం అలవాటు లేదు. కన్నవాళ్ళు పొగిడితే ఆయుక్షీణం అంటారు, తల్లి కన్నే ముందు తగులుతుందంటారు. ముద్దొచ్చిన బిడ్డకు బుగ్గన నల్లచుక్క పెడతాం. ఈ నమ్మకాన్ని నేను తీసిపారేయను, అందులో ఉన్నది ప్రేమే. కానీ దానివల్ల జరిగేది ఒకటుంది. కూతుర్ని గురించి మనం గొప్పగా చెప్పేవన్నీ పక్కింటివాళ్ళు వింటారు, చుట్టాలు వింటారు, కూతురు మాత్రం వినదు. వాళ్ళకు చెప్పేవి కూడా ఊరందరికీ తెలిసినవే. నా మొదటి ఉత్తరంలో ఇంటర్ మార్కులు ఉన్నాయి, వ్యాసరచన పోటీలో వచ్చిన కప్పు ఉంది. ఆ మార్కులు దానికి తెలియవా? దానికి తెలియంది, నేను ఒక్కదాన్నే చూసింది ఏముందని నన్ను నేను అడిగాను. రెండు రోజులు ఏమీ తట్టలేదు. మూడో రోజు పింఛను డబ్బులు ఇస్తుంటే ఒక మామ్మ కొంగుముడిలోంచి మాత్రల అట్ట తీసింది. అప్పుడు తట్టింది. అదేమిటో ఉత్తరంలో ఉంది.

మరి చెప్పి తీరాల్సినవి ఉండవా? ఉంటాయి. పద్దెనిమిది నిండితే కొన్ని పనులు నిజంగా మారతాయి. అవన్నీ వేరే కాగితం మీద, తారీకులతో, అంకెలతో రాసి ఫోన్లో ఫోటో పంపాను. పనిని పనిగా చెబితే అది సుద్దులా వినబడదు. అందులో మొదటిది సుకన్య ఖాతా. 2015 జనవరిలో ఆ పథకం మొదలైతే, మార్చిలో మా అమ్మాయి పేరున ఈ గదిలోనే ఖాతా తెరిచాను. అప్పుడు దానికి ఏడేళ్ళు. పదేళ్ళ లోపు పిల్లలకే తెరవనిస్తారు. అప్పటి నియమం ప్రకారం మొదట 1000 రూపాయలు కట్టి, తర్వాత నెలకు 500 చొప్పున కడుతూ వచ్చాను. మా ఊళ్ళో చాలామంది తల్లులు పద్దెనిమిది రాగానే డబ్బంతా చేతికొస్తుందనుకుంటారు. అలా రాదు. ఖాతా గడువు తెరిచిన నాటి నుంచి 21 ఏళ్ళు, లేదా పద్దెనిమిది దాటాక పెళ్ళి కుదిరినప్పుడు. చదువుకోసమైతే, అంతకు ముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు, దానికి ఫీజు కాగితం చూపించాలి. కట్టడం 15 ఏళ్ళు. మా ఖాతాకు 2030 దాకా కట్టాలి, 2036లో గడువు తీరుతుంది.

పద్దెనిమిది నాడు మారేది డబ్బు కాదు, సంతకం. ఆ రోజు నుంచి ఖాతా నడిపేది అమ్మాయే. తన ఆధార్, ఫోటో, తన సంతకం కొత్తగా ఇవ్వాలి. సంరక్షకురాలిగా పదేళ్ళకు పైగా నేను పెట్టిన సంతకం అక్కడితో ఆగిపోతుంది. 1875 నాటి మెజారిటీ చట్టం ఒకే ఒక్క రోజు గీసి, ఆ రోజు నుంచి ఈ మనిషి తన మాట తనే చెప్పుకోగలదని అంటుంది. ఎంతోమంది ఆడపిల్లల కాగితాలు ఈ బల్ల మీద నా చేత్తో మార్చాను. నా కూతురి కాగితం వచ్చేసరికి సంరక్షకురాలి పేరు ఉన్న గడిని ఊరికే అలా చూస్తూ కూర్చున్నాను.

రెండోది ఓటు. మా అమ్మ కాలంలో ఇరవై ఒకటి నిండాలి, 1989లో అరవై ఒకటో రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చాక పద్దెనిమిది అయింది. ఫారం 6 నింపాలి. ఇప్పుడు ఏడాదికి నాలుగు తారీకులు లెక్క: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తారీకులు. డిసెంబరులో పుట్టింది కాబట్టి జనవరి ఒకటి దానికి సరిపోతుంది. అంతే. ఆ కాగితం అక్కడితో అయిపోయింది.

ఉత్తరం వైపు మళ్ళీ వచ్చాను. సుద్దులు తీసేశాక, బాకీలు తీసేశాక, మార్కులు తీసేశాక మిగిలింది ఒకటిన్నర కాగితం. అందులో ఇంకొకటి చేర్చాలనిపించింది, అదే అన్నిటికన్నా కష్టమైంది. నేను దాని పట్ల తప్పు చేసిన రోజు. అది రాయకుండా మెచ్చుకోలు మాత్రం రాస్తే, నేను పద్దెనిమిదేళ్ళూ సరైన చోటే నిలబడి దాన్ని చూశానన్నట్టు ఉంటుంది. నాలుగుసార్లు రాశాను. మూడుసార్లూ చివర్లో "క్షమించు" అని వచ్చింది. ఆ మాట కూడా ఒక రకంగా అడగడమే. పుట్టినరోజు పిల్ల తల్లిని ఓదార్చాల్సి వస్తుంది. నాలుగోసారి జరిగింది జరిగినట్టు రాసి ఆపేశాను.

సంబోధన దగ్గర కూడా కాసేపు ఆగాను. పెళ్ళి శుభలేఖల్లో ఆడపిల్ల పేరు ముందు 'చి.ల.సౌ.' వేస్తాం. చిరంజీవి, లక్ష్మి, సౌభాగ్యవతి. పుట్టినరోజు ఉత్తరానికి నాకు మొదటి అక్షరం చాలనిపించింది. మూడు కాగితాలు, కవరుతో కలిపి 19 గ్రాములు తూగిన ఆ ఉత్తరం ఇది. మా అమ్మాయిని అడిగి, ఒప్పుకున్నాకే ఇక్కడ వేస్తున్నాను.

చి. అమ్మడికి,

నువ్వు పుట్టిన తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా పట్టిందంటే రేవులో పంటు కదల్లేదు. మీ నాన్న అవతలి ఒడ్డున ఉండిపోయాడు. పంటువాళ్ళను బతిమాలాడట, తిట్టాడట, చివరికి ఒడ్డునే కూర్చుని టీ తాగాడట. అందుకని నిన్ను ముందు చూసింది నేను, అమ్మమ్మ. మీ నాన్న పదింటికి వచ్చాడు. ఆ నాలుగు గంటల సంగతి మీ నాన్న ఇప్పటికీ ఎత్తుతాడు.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. 2022 జూలైలో వరద వచ్చింది కదా. భద్రాచలంలో డెబ్బై ఒక్క అడుగులు దాటిందని రేడియోలో విని, మనం ఆఫీసు సామాను అటక ఎక్కించాం. రిజిస్టర్లు, పాస్‌బుక్కులు బియ్యం సంచుల్లో వేసి మూతులు కట్టింది నువ్వే. తారీకు ముద్ర నీ స్కూలు బ్యాగులో పెట్టుకున్నావు. అప్పుడు నీకు పధ్నాలుగు. ఏటిగట్టు మీది బళ్ళో మూడు రాత్రులున్నాం. రెండో రాత్రి నాకు మెలకువ వచ్చి చూస్తే నువ్వు పక్కన లేవు. వరండా చివర సెల్‌ఫోన్ లైటు వెలుగుతోంది. ముసలివాళ్ళ మాత్రలన్నీ తడిసి, కలిసిపోయి, ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలియక వాళ్ళు గాభరా పడుతున్నారు. నువ్వు నర్సమ్మగారి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అడిగి, చిన్న కాగితం ముక్కల మీద బొమ్మలు గీస్తున్నావు. పొద్దున వేసుకునేవాటికి సూర్యుడు, రాత్రివాటికి చంద్రుడు. రెండు పూటలవాటికి రెండూ. వాటిని మాత్రల అట్టలకు రబ్బరు బ్యాండ్లతో కట్టావు. ఆ రబ్బరు బ్యాండ్లు మన ఆఫీసువని నాకు తెలుసు.

ఒక మామ్మ, మాకు చదువు రాదని నీకెలా తెలిసిందే అని అడిగింది. మా అమ్మమ్మకూ రాదండి అన్నావు. నేను స్తంభం వెనక నిలబడి విన్నాను. ముందుకు రాలేదు. వస్తే నువ్వు ఆపేస్తావనిపించింది. పొద్దున నువ్వు నిద్రకళ్ళతో కనబడితే, రాత్రంతా ఎక్కడ తిరిగావని తిట్టాను. ఎందుకు తిట్టానో నాకు ఇప్పటికీ తెలియదు. వారం రోజుల క్రితం ఒక మామ్మ కొంగుముడి విప్పితే మాత్రల అట్టకు కట్టిన కాగితం కనిపించింది. సూర్యుడు. నువ్వు గీసింది కాదు, వాళ్ళ మనవరాలు గీసిందట. ఆ వరద తర్వాత మా ఇంట్లో ఇలాగే కట్టుకుంటున్నామమ్మా అంది.

ఇంకొకటి కూడా రాయాలి. ఇంటర్ మొదటి ఏడు నువ్వు నాలుగు నెలలకే ఆ కాలేజీ వదిలి, పెట్టె మోసుకుని ఒక్కదానివే పంటు ఎక్కి వచ్చేశావు. నాకు లెక్కలు వద్దమ్మా, బైపీసీ చదువుతాను, ఇక్కడే చదువుతాను అన్నావు. నేను తలుపు వేసి, లోపలికి రా ముందు, ఎవరైనా చూస్తారు అన్నాను. నువ్వు రాత్రి అన్నం తినలేదు. నేను తినమని అడగలేదు. పది రోజులు నీతో సరిగ్గా మాట్లాడలేదు. ఊళ్ళోవాళ్ళు అడిగితే జ్వరం వచ్చిందని చెప్పాను. పదిహేనేళ్ళ పిల్లవు, నాకు ఇది సరిపడదని తెలుసుకుని, అది నోటితో చెప్పి, కట్టిన ఫీజు పోతుందని తెలిసి కూడా ఇంటికొచ్చావు. నేను ఆ వయసులో ఏ ఒక్కరికీ ఏదీ వద్దని చెప్పలేదు. నీ ధైర్యం నాకు అప్పుడు కనబడలేదు. ఆర్నెల్ల తర్వాత, నువ్వు పెరట్లో కూర్చుని మందార పువ్వు కోసి అమ్మమ్మకు అందులో ఏ భాగం ఏమిటో చెబుతుంటే కనబడింది.

నువ్వు నవ్వినప్పుడు ముందు భుజాలు కదులుతాయి, తర్వాత చప్పుడు వస్తుంది. కోపం వస్తే గిన్నెలు కడుగుతావు, గట్టిగా. పెరుగన్నంలో అరటిపండు పిసుక్కుని తినేది మన ఇంట్లో నువ్వొక్కదానివే. ఇవన్నీ నీకు తెలిసినవే. నేను చూశానని చెబుతున్నాను.

సుకన్య ఖాతా కాగితాలు ఇవాళ పైఆఫీసుకు పంపాను. పదేళ్ళకు పైగా దాని మీద సంరక్షకురాలి సంతకం నాది. ఇక అది చెల్లదు. కొత్త సంతకం కోసం నువ్వు ఫారం మీద మూడుసార్లు పెట్టావు కదా, మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. మూడోదే బాగుంది, చివర్లో నీ పేరు కింద గీత లాగకుండా వదిలేసింది.

ఈ ఉత్తరానికి జవాబు రాయక్కర్లేదు.

అమ్మ

తా.క. ఆరో తరగతిలో నువ్వు గింజ పాతిన పనస మొక్క ఈ ఏడు మొదటిసారి పిందె వేసింది. ఒక్కటే.

ఉత్తరం నేనే మడిచి, నేనే అంటించి, నేనే ముద్ర వేశాను. మా ఆఫీసు ముద్ర కాస్త అరిగింది, ఊరి పేరులో చివరి అక్షరం సరిగ్గా పడదు. ఈ కవరు కోసం సిరా మెత్త తడి చేసి, ముందు పాత కాగితం మీద రెండుసార్లు నొక్కి చూసి అప్పుడు వేశాను. మధ్యాహ్నం డాకు సంచి పంటు మీద ఏరు దాటింది.

నాలుగో రోజు రాత్రి ఫోను వచ్చింది. తిన్నావా అని అడిగాను. తిన్నానంది. నాన్న వచ్చాడా అని అడగలేదు. చాలాసేపు మాట్లాడలేదు. వెనక హాస్టల్లో ఎవరో బకెట్టు నింపుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

"అమ్మా, ఆ రాత్రి నువ్వు మేలుకునే ఉన్నావా?" అంది.